ఫ్రూట్ టార్ట్‌కి జామ్ గ్లేజ్: పండు మెరవాలి, అడుగు కరకరలాడాలి

బుధవారం రాత్రి

శనివారం మా తమ్ముడి పుట్టినరోజు. వాడికి క్రీమ్ కేక్ కన్నా ఫ్రూట్ టార్ట్ ఇష్టం, కాబట్టి 24 సెంటీమీటర్ల టిన్నులో ఒకటి పెద్దది చేస్తున్నాను. అడుగున వెన్న, మైదాతో బిస్కెట్ లాంటి షెల్, దాని మీద పేస్ట్రీ క్రీమ్, పైన స్ట్రాబెర్రీ, కివీ, నల్లద్రాక్ష. రాత్రి ఎనిమిదింటికి కోస్తాం. ఆ సమయానికి పైన పండ్లు తళతళలాడుతూ ఉండాలి, కత్తి అడుగుకి దిగేటప్పుడు టక్కుమని చప్పుడు రావాలి.

ఈ రెండు పనులూ జామ్‌తోనే చేద్దామనుకుంటున్నాను. ఫ్రెంచ్ బేకరీల్లో పాతకాలం నుంచీ ఉన్న పద్ధతే ఇది. లేత రంగు పండ్ల మీద ఆప్రికాట్ జామ్‌ని కరిగించి వడకట్టి పూస్తారు, ఎర్రపండ్ల మీద రెడ్ కరంట్ జెల్లీ పూస్తారు. అదే ఆప్రికాట్ జామ్‌ని క్రీమ్ పోసే ముందు షెల్ లోపల కూడా పూస్తారు. అయితే పైన పూసేదీ, అడుగున పూసేదీ ఒకే చిక్కదనంలో ఉండకూడదు. పైన పల్చగా జారుతూ సమంగా పరుచుకోవాలి. అడుగున మాత్రం నీళ్లు బాగా ఇగిరిపోయి బంకలా ఉండాలి. ఎందుకంటే జామ్‌లో కూడా నీళ్లున్నాయి. ఆ నీళ్లని పట్టించుకోకుండా షెల్‌కి పూస్తే, తడి రాకుండా కాపాడాల్సిందే ముందు తడిపేస్తుంది.

జామ్ ఎంపిక దగ్గర కొంత ఆలోచించాల్సి వచ్చింది. మన కిరాణా కొట్లలో దొరికే మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ ఎర్రగా ఉంటుంది. స్ట్రాబెర్రీ మీద పర్వాలేదు కానీ కివీ ముక్క మీద పూస్తే ఆకుపచ్చ చచ్చిపోయి గోధుమరంగు వస్తుంది. పైనాపిల్ జామ్ రంగు నప్పుతుంది కానీ రుచి అన్నిటినీ మింగేస్తుంది. ఆరెంజ్ మార్మలేడ్‌లో చేదు ఉంది. ఆప్రికాట్ జామ్‌ది లేత తేనెరంగు, కొంచెం పులుపు, ఏ పండు రుచికీ అడ్డురాదు. మన హైదరాబాద్ వాళ్లకి ఖుబానీ రుచి కొత్తేమీ కాదు కూడా. టార్ట్ మొత్తం స్ట్రాబెర్రీలే అయితే నేను జామపండు జెల్లీ వాడేదాన్ని. అది అద్దంలా ఉంటుంది, ఎరుపుకి బాగా కలుస్తుంది.

చక్కెర తగ్గించిన జామ్‌లు మాత్రం దీనికి వద్దు. మామూలు జామ్‌లో సుమారు మూడింట రెండు వంతులు చక్కెరే. పండులోని పెక్టిన్, పులుపు, అంత చక్కెర కలిస్తేనే ఆ పట్టు వస్తుంది. చక్కెర తగ్గితే నీళ్లు ఎక్కువని అర్థం, మనకి వద్దన్నది ఆ నీళ్లే.

జెలటిన్‌తో గ్లేజ్ చేయొచ్చు కదా అని మా వదిన అడిగింది. పచ్చి కివీ ఉన్నచోట జెలటిన్ పనిచేయదు. కివీలో ప్రోటీన్లని ముక్కలు చేసే ఎంజైమ్ ఉంటుంది. జెలటిన్ ప్రోటీనే కాబట్టి గట్టిపడకుండా కారిపోతుంది. పచ్చి పైనాపిల్, బొప్పాయిలతోనూ ఇదే సంగతి. పెక్టిన్ ప్రోటీన్ కాదు, అందుకే జామ్‌కి ఆ ఇబ్బంది లేదు.

గురువారం

పెద్ద టార్ట్ చేసే ముందు అడుగు సంగతి తేల్చుకోవాలని చిన్న షెల్స్ కాల్చాను. ఒకే పిండి, ఒకే మందం, ఒకే రంగు వచ్చేదాకా కాల్చినవి. ఒకదాన్ని ఏమీ పూయకుండా వదిలేశాను. ఇంకోదానికి గుడ్డు పచ్చసొన పూసి రెండు నిమిషాలు మళ్లీ ఓవెన్‌లో పెట్టాను. మూడోదానికి బాగా మరిగించిన జామ్. నాలుగోదానికి కరిగించిన వైట్ చాక్లెట్. అన్నిట్లో ఒకే పేస్ట్రీ క్రీమ్ నింపి, పండ్లు లేకుండానే ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యమధ్యలో తీసి కోసి చూశాను.

ఏమీ పూయనిది రెండు గంటలకే మెత్తబడింది. అడుగు విరిచి చూస్తే క్రీమ్ తగిలిన వైపు ముదురు రంగులో ఒక తడిగీత, దాని కింద ఇంకా పొడిగా ఉన్న పొర కనిపించాయి. ఆ తడిగీత కిందికి దిగుతూ టిన్ను తగిలే వైపు చేరిందంటే ఇక కరకర లేనట్టే. పచ్చసొన పూసినది కొంత మెరుగు, కానీ ఫోర్క్‌తో గుచ్చిన బొక్కల దగ్గర తడి లోపలికి దిగింది. గుడ్డు పొర అంత పల్చగా ఉంటే ఆ బొక్కలు మూసుకోవు. జామ్ పూసినది సాయంత్రం దాకా బాగుంది, దాదాపు ఐదు గంటలు. వైట్ చాక్లెట్ పూసినది పొద్దున్న కూడా కరకరలాడుతుందని నమ్మకంగా చెప్పగలను, ఇప్పుడు రాత్రి పదకొండింటికి చూసినా మార్పు లేదు.

మరి చాక్లెట్టే వాడొచ్చు కదా అంటే, అది కొవ్వు. నీళ్లు కొవ్వులోంచి పోలేవు. అడ్డుకోవడంలో దాన్ని జామ్ మించలేదు. కానీ ఫ్రిజ్‌లోంచి తీసిన టార్ట్‌లో ఆ పొర పలకలా గట్టిపడి కోసేటప్పుడు షెల్‌ని పగలగొడుతుంది, తీపి కూడా పెరుగుతుంది. జామ్ నీళ్లని పూర్తిగా ఆపదు, ఆలస్యం చేస్తుందంతే. బాగా ఇగిరిన జామ్ చిక్కటి పాకం లాంటిది. క్రీమ్‌లోంచి వచ్చే తడిని ముందు అది పీల్చుకుంటుంది, పల్చబడేదాకా కిందికి వదలదు. ఆ గడువు చాలు నాకు. టార్ట్‌ని నాలుగింటికి కూర్చి ఎనిమిదింటికి కోస్తాను, పైగా అడుగున ఆ కొంచెం పులుపు క్రీమ్‌కి బాగుంటుంది. ముందు రోజు రాత్రే కూర్చిపెట్టాల్సిన టార్ట్ అయితే వైట్ చాక్లెట్టే వాడాలి, అందులో సందేహం లేదు.

శుక్రవారం రాత్రి

షెల్ పిండి కలిపాను: 200 గ్రాముల మైదా, 100 గ్రాముల చల్లటి వెన్న, 70 గ్రాముల పొడి చక్కెర, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు. ముద్ద చేసి కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను.

పేస్ట్రీ క్రీమ్ కూడా అయిపోయింది. 400 మిల్లీలీటర్ల పాలు, 4 పచ్చసొనలు, 80 గ్రాముల చక్కెర, 35 గ్రాముల కార్న్‌ఫ్లోర్, చివర్లో కొంచెం వెన్న. ఇందులో అడుగు కరకరకి సంబంధించిన విషయం ఒకటుంది. క్రీమ్ చిక్కబడగానే స్టవ్ ఆపేయకూడదు. బుడగలు పైకొచ్చి పగులుతుండగా, కలుపుతూ ఇంకో నిమిషం మరగనివ్వాలి. పచ్చసొనలో పిండి పదార్థాన్ని కరిగించే ఎంజైమ్ ఉంటుంది. అది పూర్తిగా చావకపోతే రాత్రికి గట్టిగా ఉన్న క్రీమ్ పొద్దుటికి నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లు నేరుగా షెల్‌లోకే పోతాయి. క్రీమ్ మీద తొరక కట్టకుండా ప్లాస్టిక్ షీట్‌ని పైన అంటుకునేలా పరిచి ఫ్రిజ్‌లో పెట్టాను.

శనివారం పొద్దున

పిండిని మూడు మిల్లీమీటర్ల మందాన ఒత్తి టిన్నులో పరిచి, ఫోర్క్‌తో గుచ్చి, అరగంట ఫ్రీజర్‌లో ఉంచాను. తర్వాత పైన ఫాయిల్ వేసి దాని నిండా రాజ్మా గింజలు పోసి 175 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు కాల్చాను, గింజలు తీసేశాక ఇంకో పన్నెండు నిమిషాలు. అంచులు ఎర్రబడితే సరిపోదు, నడిమి కూడా ముదురు బంగారు రంగుకి రావాలి. నడిమి ఇంకా తెల్లగా ఉంటే అక్కడ పిండిలోనే తడి ఉన్నట్టు. ఆ షెల్‌కి పైనుంచి ఎంత పూత పూసినా లాభం లేదు.

అది కాలుతుండగా జామ్ పని. 120 గ్రాముల జామ్, 30 గ్రాముల నీళ్లు, ఒక టీస్పూన్ నిమ్మరసం చిన్న గిన్నెలో వేసి సన్నటి మంట మీద పెట్టాను. తర్వాత ఇగరబెట్టడానికి ఇప్పుడు నీళ్లెందుకు పోయడం అనిపించొచ్చు. ఉత్త జామ్‌ని వేడి చేస్తే మధ్యలో గడ్డ అలాగే ఉండి అంచుల దగ్గర మాడుతుంది. నీళ్లు పోస్తే అంతా ఒకేసారి కరుగుతుంది, జల్లెడలోంచి కూడా సులువుగా దిగుతుంది. కరిగాక టీ వడకట్టే జాలీలో పోసి స్పూన్‌తో నొక్కి పీచు తీసేశాను. ఈ పీచు ఉంటే గ్లేజ్ మీద చిన్న చిన్న గుబ్బలు తేలి మెరుపు పోతుంది.

వడకట్టిన దాన్ని మళ్లీ మరిగించి, గిన్నె బరువు తీసేసి చూసుకుంటే 130 గ్రాములకి వచ్చేదాకా ఉంచాను. థర్మామీటర్ కన్నా త్రాసు నయమని నా అనుభవం. ఇంత తక్కువ జామ్‌లో థర్మామీటర్ మొన మునగదు. పైగా పుస్తకాల్లో జామ్ 104, 105 డిగ్రీల దగ్గర గట్టిపడుతుందని రాస్తారు, అది సముద్రమట్టం లెక్క. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లే 98 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆ 104 కోసం ఎదురుచూస్తే మనది ముదిరిపోతుంది. బరువు ఎక్కడైనా ఒకటే.

ఈ 130 గ్రాములు పై పూతకి సరిపడే చిక్కదనం. స్పూన్ వెనక వేలితో గీత గీస్తే అది మూసుకోకుండా నిలిచింది, కానీ వంచితే జారింది. ఇందులోంచి 40 గ్రాములు వేరే గిన్నెలోకి తీసి, దాన్ని 32 గ్రాములయ్యేదాకా మరిగించాను. ఇది అడుగుకి. రెండిటికీ తేడా చూడాలంటే చల్లటి స్టీల్ పళ్లెం మీద ఒక్కో చుక్క వేసి పళ్లెం వంచితే చాలు. మొదటిది మెల్లగా కిందికి పాకుతూ పోయింది. రెండోది వేసినచోటే కూర్చుంది, వేలు ఆనించి తీస్తే సన్నటి తీగ సాగింది.

షెల్ ఓవెన్‌లోంచి వచ్చి ఇంకా వేడిగా ఉండగానే ఆ బంక జామ్‌ని వేడిగా పూశాను. రెండూ వేడిగా ఉంటేనే పల్చటి పొర పడుతుంది. ముద్దగా ఉన్నదాన్ని చల్లారిన షెల్ మీద రుద్దితే పైపొర పెచ్చులు లేస్తుంది. ఫోర్క్ బొక్కల మీద బ్రష్‌ని నిలువుగా పట్టి ఒక్కోదాన్ని పొడిచినట్టు నింపాను. అంచు గోడ కిందికి దిగి అడుగుతో కలిసే మూల ఉంటుంది కదా, అక్కడ రెండుసార్లు పూశాను. పండ్లలోంచి కారిన రసమైనా, పైనుంచి జారిన గ్లేజ్ అయినా చివరికి చేరేది ఆ మూలకే. తర్వాత ఆపేసిన ఓవెన్‌లో, ఆ మిగిలిన వేడికి ఐదు నిమిషాలు ఉంచాను. తీశాక ముట్టుకుంటే వేలికి కొంచెం పట్టుకుంది కానీ తడి అంటలేదు. అడుగు మొత్తం లేత నారింజ రంగు వార్నిష్ వేసినట్టుంది.

32 గ్రాముల్లో కొంత గిన్నెలో మిగిలింది. అంతా పూయాలని లేదు, మందం పెరిగితే నమిలేటప్పుడు పళ్లకి అంటుకుంటుంది.

మధ్యాహ్నం

పండ్లు కడిగే పని త్వరగా ముగించాను, ఆరడానికి టైమ్ కావాలి కాబట్టి. స్ట్రాబెర్రీలు మహాబలేశ్వర్ నుంచి వచ్చినవి, ఫిబ్రవరి కాబట్టి బాగున్నాయి. తొడిమలు తీయకుండా కడిగి, పాత కాటన్ చీర ముక్క మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్యాన్ కింద పెట్టాను. తొడిమ తీసి కడిగితే ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి. నల్లద్రాక్ష మీద సహజంగా ఉండే బూడిదలాంటి మైనపు పొర మీద గ్లేజ్ సరిగ్గా అంటదు, గుడ్డతో తుడిస్తే పోయింది.

కివీ అన్నిటికన్నా ఎక్కువ రసం వదులుతుంది. బిళ్లలుగా కోసి టిష్యూ పేపర్ల మధ్య పావుగంట ఉంచాను, పేపర్ తడిసి పచ్చగా మరక పడింది. ఆ నీళ్లన్నీ టార్ట్‌లోకి వెళ్లాల్సినవే.

నాలుగింటికి కూర్చాను. చల్లటి క్రీమ్‌ని విస్క్‌తో నున్నగా గిలక్కొట్టి షెల్‌లో సగానికి కొంచెం పైగా నింపాను. క్రీమ్ గోరువెచ్చగా ఉన్నా సరే పనికిరాదు, అడుగున ఉన్న జామ్ పొర మెత్తబడి క్రీమ్‌లో కలుస్తుంది. స్ట్రాబెర్రీలని రెండుగా కోసి, కోసిన వైపు లోపలికి ఉండేలా అంచుల వెంబడి ఒకదాని మీద ఒకటి ఆనించి పేర్చాను. కోసిన ముఖం నుంచే రసం వస్తుంది, దాన్ని చక్కెర తగిలేలా పైకి తిప్పి పెడితే ఇంకా వేగంగా వస్తుంది. కివీ బిళ్లలకి వేరే దారి లేదు, అవి రెండు వైపులా కోసినవే, కాబట్టి వాటిని మధ్యలో ఉంచాను, మూలకి దూరంగా.

సాయంత్రం ఐదున్నర: గ్లేజ్

పొద్దున మిగిలిన 90 గ్రాముల గ్లేజ్ గిన్నెలో చల్లారి ముద్దయింది. ఒక టీస్పూన్ నీళ్లు వేసి సన్నటి మంట మీద కరిగించి, ఒక్క పొంగు రానిచ్చి దింపాను. దింపిన వెంటనే పూయకూడదు. పొంగే గ్లేజ్ తగిలితే స్ట్రాబెర్రీ పైచర్మం ఉడికి రంగు వదులుతుంది. పైగా అంత వేడిలో అది నీళ్లలా పల్చగా ఉండి, పండు మీద ఆగకుండా జారి క్రీమ్‌లోకి పోతుంది. మరీ చల్లారినా కష్టమే. బ్రష్ ఈడ్చుకుపోయి గీతలు పడతాయి, పండు స్థానం నుంచి కదులుతుంది. 50 నుంచి 60 డిగ్రీల మధ్య బాగుంటుంది. గిన్నె బయటివైపు చెయ్యి ఆనిస్తే వేడి తెలుస్తుంది, రెండు మూడు లెక్కపెట్టేలోపు తీసేయాలనిపిస్తుంది, అదీ గుర్తు.

మెత్తటి వెంట్రుకల బ్రష్ తీసుకున్నాను. సిలికాన్ బ్రష్ పళ్లు దూరదూరంగా ఉండి చారలు మిగులుస్తాయి. గ్లేజ్‌లో ముంచి, గిన్నె అంచుకి ఒకసారి ఒత్తి, పండు మీద అద్దినట్టు పూయాలి, రుద్దకూడదు. ముందు కివీ, తర్వాత ద్రాక్ష, చివరికి స్ట్రాబెర్రీ. ఈ వరస మారిస్తే స్ట్రాబెర్రీ ఎరుపు బ్రష్‌లోకి ఎక్కి కివీ మీద మరకలు పెడుతుంది. గ్లేజ్‌లో కొంచెం చిన్న కప్పులోకి తీసుకుని అందులోనే బ్రష్ ముంచాను, అసలు గిన్నెలోది శుభ్రంగా ఉండిపోయింది.

కివీ బిళ్లని దగ్గరగా చూస్తే ఈ గ్లేజ్ చేసే పని అర్థమవుతుంది. కోసిన ముఖం మీద అప్పటికే పొడిబారిన చోట్లున్నాయి, నల్ల గింజల చుట్టూ చిన్న గుంటలు, అందుకే వెలుతురు చెదిరిపోయి పేలవంగా ఉంది. బ్రష్ ఒక్కసారి ఆనించగానే ఆ గుంటలన్నీ నిండి పైన నున్నటి పొర ఏర్పడింది. ఆకుపచ్చ ఒక్కసారిగా ముదిరింది, గింజల మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం కనబడింది. ఆ పొరే పండు ఆరిపోకుండా కూడా చూస్తుంది.

పండుకీ పండుకీ మధ్య ఉన్న సందుల్లో గ్లేజ్ పోయలేదు. చాలామంది ఇక్కడ ధారాళంగా పోసేస్తారు, చూడ్డానికి ఆ క్షణం బాగానే ఉంటుంది. కానీ సందులో పోసింది చల్లారేలోపు క్రీమ్ పక్క నుంచి అంచుకి, అంచు నుంచి మూలకి దిగుతుంది. పొద్దున ఎంత శ్రమపడి పూసిన అడుగు పూతని పై నుంచి మనమే తడిపినట్టు. క్రీమ్ కనబడే సందుల్లో దానిమ్మ గింజలు వేసి, వాటి మీద బ్రష్ కొన మాత్రం తగిలించాను. మొత్తం 60 గ్రాములు కూడా పట్టలేదు.

మా పిన్ని వంటింట్లోకి వచ్చి చూసి, "ఏమే, ఇంత మెరుస్తోంది, నూనె రాశావా?" అంది. జామ్ పిన్నీ అన్నాను. వేలితో ఒక ద్రాక్షని తాకి చూసింది. పది నిమిషాలు కూడా కాలేదు, అప్పటికే వేలికి అంటలేదు.

రాత్రి ఎనిమిది

కోసేదాకా ఫ్రిజ్‌లో పై అరలో, మూత లేకుండా, ఉల్లిపాయలకి దూరంగా ఉంచాను. మూత పెడితే లోపల చెమ్మ పట్టి గ్లేజ్ మీద చుక్కలు కడతాయి. కోసే పావుగంట ముందు బయట పెట్టాను. ఫిబ్రవరిలో హైదరాబాద్ గాలి పొడిగా ఉంది కాబట్టి సరిపోయింది. విశాఖలోనో చెన్నైలోనో అయితే చల్లటి టార్ట్ బయటికి రాగానే పైన తేమ పడుతుంది, అక్కడైతే తీసిన వెంటనే కోయడం మంచిది.

రంపపు పళ్ల కత్తితో పండ్ల వరకు కోసి, తర్వాత నిలువుగా నొక్కాను. అడుగు టక్కుమంది. మొదటి ముక్కని పక్కకి తిప్పి చూశాను. క్రీమ్ కింద సన్నటి నారింజ గీత, దాని కింద షెల్ అంచు నుంచి నడిమి దాకా ఒకే రంగులో పొడిగా ఉంది. తడిగీత ఒకేచోట, కివీ బిళ్లలు మూడు ఒకదాని మీద ఒకటి పడినచోట, కొంచెం కనబడింది. అక్కడ కూడా అది సగం మందం దాటలేదు.

ఆదివారం పొద్దున

రెండు ముక్కలు మిగిలాయి, పరీక్షకి పనికొచ్చాయి. పైన మెరుపు చాలావరకు ఉంది, కానీ స్ట్రాబెర్రీల కింద పల్చటి ఎర్రటి రసం చేరింది. గ్లేజ్‌లోని చక్కెర రాత్రంతా పండులోంచి నీళ్లు లాగింది, ఆ నీళ్లకి గ్లేజే పల్చబడి జారింది. కివీ మీద పొర దాదాపు కరిగిపోయింది. అడుగు మెత్తబడింది, అయితే ముద్దవలేదు, బిస్కెట్ టీలో ముంచి వెంటనే తీసినంత. ఈ పద్ధతి గడువు ఆ పూటకే అన్నది స్పష్టం. మెరుపూ కరకరా రెండూ కావాలంటే కూర్చిన ఐదారు గంటల్లో తినేయాలి.

గురువారం నాటి వైట్ చాక్లెట్ షెల్ శుక్రవారం పొద్దున కూడా గట్టిగానే ఉంది, అది రాయడం మిగిలిపోయింది.

మే నెలలో బంగినపల్లి మామిడితో చేయాలి. దానికీ ఆప్రికాట్ జామే నప్పుతుంది, కానీ మామిడి ముక్క కివీ లాగే రెండు వైపులా కోసినది, కాబట్టి మధ్యాహ్నం కూర్చి రాత్రికి ఉంచే పని పెట్టుకోను. అడుగున చాక్లెట్ పల్చగా, దాని మీద జామ్ ఇంకా పల్చగా పూసి చూస్తాను.

బ్రష్ ముంచిన కప్పులో మిగిలింది పారబోశాను, అందులో పండ్ల రసం, క్రీమ్ తగిలి ఉంటాయి. గిన్నెలోది శుభ్రంగా ఉంది కాబట్టి చిన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. మళ్లీ వాడేటప్పుడు ఒక స్పూన్ నీళ్లు వేసి ఒక పొంగు రానిస్తే చాలు.